జీతపు స్లిప్పులో కనిపించని మార్పు

ఒక కార్యాలయం తన సిబ్బందికి వర్తించే నియమాన్ని మార్చినప్పుడు రెండు వేర్వేరు కాగితాలు వెలువడవలసి ఉంటుంది, కాని చాలా చోట్ల ఒక్కటే వెలువడుతుంది. మొదటిది ఉత్తర్వు, అది నియమాన్ని చట్టబద్ధంగా మారుస్తుంది, కాబట్టి అందులో అధికారం ఎక్కడి నుంచి వచ్చింది, పాత ఉత్తర్వుల సంఖ్యలేమిటి, ఏ నిబంధన స్థానంలో ఏ నిబంధన వచ్చింది అనేవన్నీ ఉండి తీరాలి. రెండవది ప్రకటన, అది నియమాన్ని మార్చదు, మారిన నియమం ఎవరికి తగులుతుంది, ఏమి మారింది, ఏ రోజు నుంచి మారింది, ఉద్యోగి ఏమి చేయాలి అనే నాలుగు సంగతులను తెలియజేస్తుంది. ఉత్తర్వునే నోటీసు బోర్డు మీద అంటించి అదే ప్రకటన అనుకోవడం వల్ల కలిగే చిక్కు ఎలాంటిదో, ఆ రెండవ కాగితాన్ని ఎలా రాయాలో ఒక నిజమైన మార్పును తీసుకొని పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఆ మార్పు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సంబంధించిన ఏకీకృత పింఛను పథకం, అంటే వాడుకలో యూపీఎస్. 2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం దీనిని ఆమోదించింది, 2025 జనవరి 24న నోటిఫికేషన్ వెలువడింది, 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో గాని, తెలుగు జిల్లాల తపాలా కార్యాలయాలలోను ఆదాయపు పన్ను కార్యాలయాలలోను గాని పనిచేసేవారిలో 2004 తరువాత ఉద్యోగంలో చేరినవారందరికీ దాదాపుగా ఇది తగిలిన మార్పే. అప్పటిదాకా వారు ఎన్‌పీఎస్ అనే జాతీయ పింఛను విధానంలో ఉన్నారు. అందులో ఉద్యోగి, ప్రభుత్వం కలిసి పొదుపు చేసిన సొమ్ము మార్కెట్లో ఎంత పెరిగితే దానిని బట్టి పింఛను వస్తుంది. యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసు పూర్తిచేసిన ఉద్యోగికి ఆఖరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం ఖాయంగా లభిస్తుంది, సర్వీసు కనీసం 10 ఏళ్లు ఉండి 25 ఏళ్లకు తక్కువైతే ఆ మేరకు తగ్గుతుంది.

ఈ మార్పును వివరించే పత్రాలు ఏ కార్యాలయానికి చేరినా మొదట ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కు వెళతాయి. అక్కడ వాటికి పైన ‘విషయం’ అని ఒక పంక్తి, కింద ‘సూచిక’ అని నాలుగైదు ఉత్తర్వుల సంఖ్యలు, ఆ తరువాత ‘పై సూచికలను దయతో గమనించగలరు’ అనే వాక్యం చేర్చి, మూల పత్రాన్ని జతపరచి, విభాగాలన్నిటికీ పంపడం ఆనవాయితీ. ఇలాంటి సర్క్యులర్ ఒక విధంగా శుభలేఖను పోలి ఉంటుంది: పైభాగమంతా ఇరువైపుల పెద్దల పేర్లతో, బిరుదులతో నిండి ఉంటుంది, అందుకున్న వ్యక్తి చూపు మాత్రం వాటిని దాటుకొని ముహూర్తం ఎప్పుడు, కల్యాణ మండపం ఎక్కడ అన్న రెండు పంక్తులను వెతుక్కుంటుంది. శుభలేఖలో ఆ రెండూ పెద్ద అక్షరాలతో మధ్యలో ఉంటాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. సర్క్యులర్‌లో అవి మూడవ పేజీలో, ఏడవ పేరాలో, ఒక ఉపవాక్యం చివర ఉంటాయి, రైలు పట్టాల మీద పగలంతా పనిచేసి సాయంత్రం గ్యాంగ్ హట్‌కు చేరిన ట్రాక్ మెయింటెయినర్ అంతదాకా చదువుతాడని ఆశించడం న్యాయం కాదు.

కాబట్టి ప్రకటన మొదటి వాక్యం ‘ఇది ఎవరికి’ అనే ప్రశ్నకు జవాబు కావాలి. ఈ జవాబు కనిపించినంత సులభం కాదు. 2004 జనవరి 1న గాని ఆ తరువాత గాని చేరినవారికి వర్తిస్తుంది అని రాస్తే సరిపోతుందని తోస్తుంది, ఎందుకంటే కేంద్ర సర్వీసులలో, సాయుధ దళాలను మినహాయించి, ఎన్‌పీఎస్ మొదలైనది ఆ తేదీతోనే. కాని 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది. 2003 డిసెంబరు 22కు ముందే నోటిఫై అయిన ఖాళీలలో, 2004 జనవరి 1 తరువాత చేరినవారు పాత పింఛనును ఎంచుకోవచ్చని అందులో ఉంది, ఆ విధంగా ఎంచుకొని పాత పింఛనులోకి మారినవారు ఉన్నారు. చేరిన తేదీని గీతగా పెట్టుకుంటే వారు తమకు సంబంధం లేని ఫారం కోసం తిరగవలసి వస్తుంది. అందువల్ల ఉద్యోగి తన చేతిలో ఉన్న కాగితంతో తానే పరీక్షించుకోగల గుర్తును ఇవ్వడం మేలు: జీతపు స్లిప్పులో ఎన్‌పీఎస్ కోత కనిపిస్తున్నవారికి ఈ ప్రకటన వర్తిస్తుంది, కనిపించనివారికి వర్తించదు. సర్వీసు రిజిస్టరు తెరవనక్కరలేని, సెక్షన్‌కు ఫోన్ చేయనక్కరలేని గుర్తు ఇది.

ఎవరికి వర్తించదో చెప్పడం కూడా అంతే అవసరం. ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు సీపీఎస్ అనే కాంట్రిబ్యూటరీ పింఛను పథకం కిందికి వచ్చారు. వారి జీతాలలోను ఇలాంటి కోతే ఉంటుంది, అందుచేత కేంద్రం ప్రకటన వార్తల్లో రాగానే తమకు కూడా అని అనుకోవడం సహజం. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు, బ్యాంకు ఉద్యోగులు కూడా అదే అయోమయానికి లోనవుతారు. ‘కేంద్ర ప్రభుత్వ సర్వీసులో లేనివారికి ఇది వర్తించదు’ అనే చిన్న వాక్యం ఈ తిప్పలను తప్పిస్తుంది. ఆ వాక్యం రాసేవారికి అనవసరంగా తోచవచ్చు. చదివేవారికి అది లేకపోవడమే లోటు.

రెండవ సంగతి, ఏమి మారుతోంది అనేది. ఇక్కడ పాటించవలసిన పద్ధతి ఒకటే: నిన్న ఎలా ఉన్నది, రేపు ఎలా ఉంటుంది అనే రెండింటినీ ఒకే వాక్యంలో, ఒకే వరుసలో, పక్కపక్కన చెప్పాలి. కొత్త నియమాన్ని మాత్రమే చెబితే ఉద్యోగి పాతదానిని జ్ఞాపకం తెచ్చుకొని తేడాను తానే లెక్కించుకోవాలి, ఆ లెక్కలో పొరపాటుకు చోటుంటుంది. సంఖ్యతో చెబితే మరింత స్పష్టమవుతుంది. ఆఖరి 12 నెలల సగటు మూల వేతనం 60,000 రూపాయలు ఉన్న ఉద్యోగి 25 ఏళ్లు పనిచేస్తే నెలకు 30,000 రూపాయలు, 20 ఏళ్లే పనిచేస్తే 24,000 రూపాయలు, వాటి మీద కరువు భృతి కలిసి వస్తాయి. ఎన్‌పీఎస్‌లోనైతే అతనికి ఇంత అని ముందుగా చెప్పగల మొత్తం ఏదీ లేదు. ఈ ఒక్క ఉదాహరణ నిబంధనల భాషలో ఉన్న రెండు పేరాల పని చేస్తుంది.

ఏమి మారుతోందో చెప్పినంత గట్టిగా ఏమి మారడం లేదో చెప్పాలి. యూపీఎస్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎన్‌పీఎస్‌లో ఉద్యోగి మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం చెల్లిస్తాడు, ప్రభుత్వం 14 శాతం కలుపుతుంది. యూపీఎస్‌లో ఉద్యోగి వాటా అదే 10 శాతం. ప్రభుత్వం మరో 10 శాతాన్ని అతని ఖాతాలోను, సుమారు 8.5 శాతాన్ని అందరికీ ఉమ్మడిగా ఉండే నిధిలోను జమచేస్తుంది. అంటే మారినదంతా ప్రభుత్వం వైపున, ఉద్యోగ విరమణ తరువాత. నెలనెలా చేతికి వచ్చే జీతంలో ఒక్క రూపాయి తేడా ఉండదు. జీతపు స్లిప్పు నిన్నటిలాగే ఉంటే ఏమీ జరగలేదని ఉద్యోగి అనుకుంటాడు, లేదా కొత్త పథకంలో చేరితే కోత పెరుగుతుందని భయపడి ఫారం జోలికే పోడు. ఆ రెండు అపోహలనూ ‘ఏ పథకంలో ఉన్నా జీతం నుంచి కోసే మొత్తం ఒకటే’ అన్న వాక్యం తొలగిస్తుంది.

మూడవది తేదీ. నియమాల మార్పులో తేదీ ఒక్కటే ఉండదు, అనేకం ఉంటాయి, గందరగోళమంతా వాటిని విప్పకుండా చెప్పడం వల్ల పుడుతుంది. ఈ పథకానికే జనవరి 24 నోటిఫికేషన్ తేదీ, అంటే ప్రభుత్వం నిర్ణయాన్ని రాజపత్రంలో ప్రకటించిన రోజు. ఏప్రిల్ 1 అమలు తేదీ, అంటే నియమం పనిచేయడం మొదలైన రోజు. జూన్ 30 గడువు తేదీ, అంటే ఉద్యోగి తన ఎంపికను తెలియజేయడానికి మొదట ఇచ్చిన ఆఖరి రోజు. మూడూ ఉత్తర్వుకు అవసరమే. ఉద్యోగికి మాత్రం అమలు తేదీ, గడువు తేదీ చాలు, నోటిఫికేషన్ తేదీని కాగితం చివర మూల పత్రం సంఖ్య పక్కన పెట్టవచ్చు. పైగా ప్రతి తేదీని ఒక క్రియతో ముడిపెట్టాలి: ‘ఏప్రిల్ 1 నుంచి పథకం మొదలవుతుంది’, ‘జూన్ 30 లోగా ఫారం ఇవ్వాలి’. క్రియ లేని తేదీ ఎందుకున్నదో వినేవారికి తెలియదు. ఇక ‘తక్షణమే అమలులోకి వస్తుంది’ అనే వాడుకను ప్రకటనలో పూర్తిగా వదిలివేయాలి, ఎందుకంటే హైదరాబాదులో సంతకం అయిన కాగితం మారుమూల స్టేషనుకు పది రోజుల తరువాత చేరినప్పుడు ఆ ‘తక్షణం’ ఏ రోజు అన్నది ఎవరూ తేల్చలేరు.

తేదీ సరిగా రాశారో లేదో తెలుసుకోవడానికి దాని అంచుల మీద నిలబడిన మనుషులను ఊహించుకోవడం మంచి పరీక్ష. 2025 మార్చి 31న రిటైరైన గార్డు ఒకరు, ఏప్రిల్ 30న రిటైరయ్యే గార్డు మరొకరు, ఏప్రిల్ 1న కొత్తగా చేరిన క్లర్కు ఇంకొకరు అనుకుంటే, ఈ ముగ్గురికీ ఈ పథకంలో మూడు వేర్వేరు దారులు ఉన్నాయి. మొదటి వ్యక్తి 10 ఏళ్ల సర్వీసు ఉన్న విశ్రాంత ఉద్యోగిగా వేరే ఫారం నింపాలి. రెండవ వ్యక్తి ఏప్రిల్ 1 నాటికి సర్వీసులో ఉన్నాడు కాబట్టి ప్రస్తుత ఉద్యోగుల లెక్కలోకి వస్తాడు. మూడవ వ్యక్తి చేరిన 30 రోజులలోగా తన ఎంపిక చెప్పాలి. ‘ఏప్రిల్ 1 నుంచి ఉద్యోగులందరికీ’ అని రాసిన ప్రకటన ఈ ముగ్గురిలో ఇద్దరిని తప్పుదారి పట్టిస్తుంది. అందరినీ ఒకే కాగితంలో ఇరికించే బదులు ముగ్గురికి మూడు చిన్న కాగితాలు ఇవ్వడమే తక్కువ శ్రమ.

చివరి సంగతి, ఉద్యోగి ఏమి చేయాలి అనేది. ఇందులో ఏ ఫారం, ఎవరికి, ఏ రోజులోగా అన్నవి ఉంటాయని అందరికీ తెలుసు. తరచుగా జారిపోయేది ఇంకొకటి ఉంది: ఏమీ చేయకపోతే ఏమవుతుంది? యూపీఎస్‌లో జవాబు స్పష్టం. గడువులోగా ఎంపిక తెలపని ఉద్యోగి ఎన్‌పీఎస్‌లోనే ఉండిపోతాడు. మౌనం కూడా ఇక్కడ ఒక ఎంపికే, ఆ సంగతి తెలియకుండా మౌనంగా ఉన్నవారికి అన్యాయం జరుగుతుంది. మరికొన్ని మార్పులలో దీనికి తలకిందులుగా, అభ్యంతరం చెప్పనివారంతా కొత్త నియమంలోకి వెళ్లిపోతారు. ఏ పద్ధతి అయినా కావచ్చు, దానిని ప్రకటనలో ఒక పూర్తి వాక్యంగా రాయాలి. దానితోపాటు వెనక్కి మళ్లే దారి ఉన్నదో లేదో కూడా చెప్పాలి, ఎందుకంటే మళ్లీ మార్చుకోగల నిర్ణయానికి ఉద్యోగి ఇచ్చే ఆలోచన వేరు, మార్చుకోలేని నిర్ణయానికి ఇచ్చే ఆలోచన వేరు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిస్తే, 2025 ఏప్రిల్‌లో ఒక డివిజను కార్యాలయం తన సిబ్బందికి ఇవ్వగలిగిన ప్రకటన ఈ విధంగా ఉంటుంది. శ్రోతలు దీనిని చెవితో వింటూనే పోల్చుకోవచ్చు.

‘2025 ఏప్రిల్ 1 నాటికి సర్వీసులో ఉండి, జీతపు స్లిప్పులో ఎన్‌పీఎస్ కోత ఉన్న ఉద్యోగులకు ఈ ప్రకటన. వీరు ఎన్‌పీఎస్‌లోనే ఉండవచ్చు, లేదా ఖాయమైన పింఛను ఇచ్చే యూపీఎస్‌కు మారవచ్చు. మారాలనుకునేవారు 2025 జూన్ 30 లోగా ఎ2 ఫారాన్ని ఆన్‌లైన్‌లో గాని, కాగితం మీద నింపి తమ కార్యాలయంలో గాని ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఫారం ఇవ్వనివారు ఎన్‌పీఎస్‌లోనే కొనసాగుతారు. ఒకసారి యూపీఎస్‌ను ఎంచుకుంటే మళ్లీ మార్చుకోవడం కుదరదు. రెండు పథకాలలోనూ జీతం నుంచి కోసే మొత్తం ఒకటే.’

ఇది ఆరు వాక్యాలు. పింఛను లెక్క, కుటుంబ పింఛను, స్వచ్ఛంద విరమణ వంటివి దీని కింద రావచ్చు, అవి పథకాన్ని ఎంచుకోవాలా వద్దా అని ఆలోచించేటప్పుడు కావలసినవి. పై ఆరు వాక్యాలు మాత్రం ఆలోచించవలసిన అవసరం ఉన్నదా లేదా అని తేల్చడానికి కావలసినవి. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించిన రచయితకు ఏది పైన పెట్టాలో ఎవరూ చెప్పనక్కరలేదు. రసీదు మాటను చేర్చడం చాదస్తంగా కనిపించవచ్చు గాని, ఫారం ఇచ్చినట్టు రుజువు లేని ఉద్యోగి గడువు ముగిసిన తరువాత చేయగలిగింది చాలా తక్కువ.

ఈ ప్రకటనలో చెప్పిన సంగతులు అలాగే నిలిచి ఉంటే పని అక్కడితో ముగిసేది. అలా జరగలేదు. జూన్ 30 అన్న గడువును ప్రభుత్వం సెప్టెంబరు 30కి, ఆ తరువాత నవంబరు 30కి పొడిగించింది. ఈ మధ్యలో ఆగస్టులో మరొక మార్పు వచ్చింది: యూపీఎస్‌లో చేరినవారు ఒకే ఒక్కసారి తిరిగి ఎన్‌పీఎస్‌కు మళ్లవచ్చు, అయితే పదవీ విరమణకు కనీసం ఒక సంవత్సరం ముందు, స్వచ్ఛంద విరమణ అయితే మూడు నెలల ముందు ఆ పని చేయాలి. అంటే పై ఆరు వాక్యాలలో రెండు అబద్ధమైపోయాయి.

మార్పు మీద మార్పు వచ్చినప్పుడు కార్యాలయాలు సాధారణంగా ‘గడువు పొడిగించడమైనది, ఇతర షరతులు యథాతథం’ అని ఒక పంక్తి పంపి ఊరుకుంటాయి. ఆ పంక్తి పాత కాగితం ఎదురుగా ఉన్నవారికే అర్థమవుతుంది. పొడిగింపు ప్రకటన కూడా మొదటి ప్రకటనలాగే స్వయంగా నిలబడాలి. అందులో ముందుగా రద్దైన మాటను, దాని పక్కనే కొత్త మాటను చెప్పాలి: ‘జూన్ 30 అని ఇంతకుముందు చెప్పిన గడువు ఇప్పుడు సెప్టెంబరు 30’. వెంటనే ఇప్పటికే ఫారం ఇచ్చినవారు మళ్లీ ఇవ్వనక్కరలేదని చేర్చాలి, లేకపోతే మొదటి వారంలో సెక్షన్ ముందు నిలబడేది వారే. మళ్లీ మార్చుకోవడం కుదరదు అన్న వాక్యం విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ ఒక్క వాక్యానికి భయపడి ఫారం ఇవ్వకుండా ఆగిపోయినవారు ఉండవచ్చు. వారికి కొత్త సంగతిని పేరాల మధ్య కాకుండా మొదటి వాక్యంగానే అందించాలి. పాత కాగితాన్ని బోర్డు మీద నుంచి తీసివేయడం గుమాస్తా పని అని తోసిపుచ్చడానికి వీలులేదు. రెండు గడువులు పక్కపక్కన వేలాడుతుంటే దేనిని నమ్మాలో చదివేవారు నిర్ణయించుకోలేరు.

ప్రకటన పంపే ముందు దానిని పరీక్షించడానికి ఖర్చు లేని మార్గం ఒకటి ఉంది. ముసాయిదాను సెక్షన్‌కు సంబంధం లేని ముగ్గురికి, వారిలో ఒకరు రిటైర్మెంటుకు దగ్గరలో, ఒకరు ఈమధ్యే చేరి, ఒకరు ఆఫీసు బయట పనిచేసేవారై ఉండేలా చూసి చదవమనాలి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అర్థమైందనే అంటారు, పై అధికారి అడిగితే మరీను. ‘మీకు వర్తిస్తుందా? మీరు ఏం చేస్తారు? ఎప్పటిలోగా?’ అని అడగాలి. ముగ్గురి జవాబులు వారి వారి పరిస్థితికి తగినట్టు ఉంటే ప్రకటన సిద్ధమైనట్టే. ఒకరు తడబడితే ఏ వాక్యం దగ్గర తడబడ్డారో అదే మార్చవలసిన వాక్యం. పంపిన తరువాత సెక్షన్‌కు వచ్చే ఫోన్లు కూడా ఇదే పని చేస్తాయి. ‘ఏ పథకం మంచిది?’ అని అడిగేవారు ఎక్కువైతే ప్రకటన తన పని చేసినట్టు, ‘నాకు వర్తిస్తుందా?’ అని అడిగేవారు ఎక్కువైతే మొదటి వాక్యం విఫలమైనట్టు.

ఆ మొదటి ప్రశ్నకు, అంటే ఏ పథకం మంచిది అన్నదానికి, ప్రకటన జవాబు చెప్పకూడదు. సర్వీసు ఎంత మిగిలి ఉన్నది, ఖాతాలో ఎంత పోగైంది, కుటుంబంలో ఎవరెవరు ఆధారపడి ఉన్నారు అనేదానిని బట్టి అది మనిషికీ మనిషికీ మారుతుంది. అలాగే ప్రకటనకు చట్టబలం లేదు. సంక్షిప్తం చేసేటప్పుడు కొన్ని షరతులు జారిపోవడం తప్పదు, అందుచేత చివర మూల నోటిఫికేషన్ సంఖ్య, తేదీ ఇచ్చి, తేడా వస్తే మూల పత్రమే ప్రమాణం అని రాయడం ఉద్యోగికీ కార్యాలయానికీ రక్షణ.

నవంబరు 30 దాటిన తరువాత ప్రస్తుత ఉద్యోగుల కోసం రాసిన కాగితానికి బోర్డు మీద పని లేదు. కొత్తగా చేరేవారి సంగతి వేరు. వారి 30 రోజుల గడువు ఒక్కొక్కరికి ఒక్కొక్క తేదీన మొదలవుతుంది, కాబట్టి ఆ ప్రకటనను గోడకు అంటించడం కంటే చేరే రోజున ఇచ్చే కాగితాలలో, ఎ1 ఫారానికి పైన, వారి ఆఖరి తేదీని చేతితో రాసి ఇవ్వవలసి ఉంటుంది.